బిల్డర్ కంపెనీ మీద కేసులున్నాయా, దివాలా పిటిషన్ పడిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టబోయేవాళ్లు ఎక్కువగా స్థలం కాగితాలే చూపించుకుంటారు. అమ్మే కంపెనీ పరిస్థితి ఏంటన్నది చివర్లో, అదీ ఎవరో ఏదో అన్నాక గుర్తొస్తుంది. అప్పుడు అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఇక్కడ ఒకచోట పెట్టాం. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ లేదా ఎల్‌ఎల్‌పీ కట్టే అపార్ట్‌మెంట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవివి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## వెతకడం మొదలుపెట్టే ముందు

బ్రోచర్ మీద ఉన్న పేరుతో వెతికితే సరిపోదా?

సరిపోదు. బ్రోచర్ మీద ఉండేది చాలాసార్లు బ్రాండ్ పేరు. కేసులు పడేది చట్టం దృష్టిలో ఉన్న కంపెనీ మీద. పెద్ద గ్రూపులు ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో కంపెనీయో ఎల్‌ఎల్‌పీయో పెడతాయి. గ్రూపు పేరు ఒకటి, మీ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే సంస్థ ఇంకొకటి కావచ్చు.

అసలు పేరు తెలుసుకోవడానికి తేలిక దారి ప్రాజెక్టులు రిజిస్టరయ్యే నియంత్రణ సంస్థ రెరా. rera.telangana.gov.in లో ప్రాజెక్టు పేరుతోగానీ రిజిస్ట్రేషన్ నంబరుతోగానీ వెతికితే ప్రమోటర్ ఎవరో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రాజెక్టు అయితే ఏపీ రెరా సైటు చూడాలి. అక్కడున్న పేరును అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. అదే పేరు బుకింగ్ ఫారం మీద, డబ్బు కట్టమని ఇచ్చిన బ్యాంకు ఖాతా మీద ఉందో లేదో కూడా చూడండి. మూడు చోట్లా మూడు పేర్లుంటే కేసుల సంగతి తర్వాత, ముందు దానికి జవాబు అడగాలి.

ప్రమోటర్ అసలు కంపెనీ కాకుండా మామూలు భాగస్వామ్య సంస్థ అయితే ఒక తేడా ఉంది. దివాలా చట్టంలో భాగస్వామ్య సంస్థలకు సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి ఆ సంస్థ మీద కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో దివాలా పిటిషన్ కనిపించకపోవడం మంచి కబురేమీ కాదు. అక్కడ వేసే వీలే లేదు.

సీఐఎన్ అంటే ఏంటి? దాంతో ఏం పని?

కంపెనీకి రిజిస్ట్రార్ ఇచ్చే 21 అక్షరాల గుర్తింపు నంబరు. చూడటానికి ఇలా ఉంటుంది:

```
U45200TG2015PTC000000
```

మొదటి అక్షరం L అయితే స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, U అయితే కాదు. తర్వాతి అయిదు అంకెలు వ్యాపార రకం. TG అంటే రిజిస్టర్డ్ ఆఫీసు తెలంగాణలో ఉందని. 2015 అంటే పుట్టిన సంవత్సరం. PTC అంటే ప్రైవేట్ లిమిటెడ్. చివరి ఆరు అంకెలు రిజిస్ట్రేషన్ నంబరు.

ఒకే పేరును పోలిన కంపెనీలు నాలుగైదు ఉంటాయి, ఏది మీదో తేల్చేది ఈ నంబరే. కంపెనీ పేరు మార్చుకున్నా, ప్రైవేట్ నుంచి పబ్లిక్ అయినా చివరి ఆరు అంకెలను బట్టి పట్టుకోవచ్చు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే రిజిస్టర్డ్ ఆఫీసు వేరే రాష్ట్రానికి మారితే ఆ నంబరూ మారొచ్చు. పాత పేరు ఏదైనా ఉంటే తప్పకుండా రాసుకోండి. పేరు మారకముందు పడ్డ కేసులు కోర్టు రికార్డులో పాత పేరుతోనే ఉంటాయి.

ఫ్లాట్ హైదరాబాద్‌లో ఉంది కదా, హైదరాబాద్ కోర్టుల్లో చూస్తే చాలదా?

ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. దివాలా పిటిషన్ ఎక్కడ వేయాలన్నది ప్రాజెక్టు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉండదు, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కట్టేది తెల్లాపూర్‌లోనే అయినా రిజిస్టర్డ్ ఆఫీసు బెంగళూరులో ఉంటే పిటిషన్ పడేది ఎన్‌సీఎల్‌టీ బెంగళూరు బెంచిలో. హైదరాబాద్ బెంచిలో ఎన్నిసార్లు వెతికినా ఏమీ రాదు. ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు అమరావతి బెంచి ఉంది. అది ఏర్పడకముందు, అంటే 2019 వరకు పడ్డ పాత పిటిషన్ల కోసం హైదరాబాద్ బెంచి రికార్డు కూడా చూడాలి.

స్థలం తగాదాలు మాత్రం స్థలం ఉన్న జిల్లా కోర్టులోనే నడుస్తాయి. చెక్ బౌన్స్ కేసు సాధారణంగా డబ్బు రావాల్సినవాళ్ల బ్యాంకు బ్రాంచి ఎక్కడుందో అక్కడ పడుతుంది. అంటే బిల్డర్ చెక్ ఇచ్చింది విజయవాడ సిమెంటు డీలరుకైతే కేసు విజయవాడలో ఉండొచ్చు. కంపెనీ ఒకటే అయినా కేసులు మూడు ఊళ్లలో ఉండటం మామూలే.

అన్ని కోర్టులూ ఒకేసారి వెతికే సైటు ఉందా?

ప్రభుత్వానిది లేదు. డబ్బు తీసుకుని రిపోర్టు ఇచ్చే ప్రైవేటు సంస్థలున్నాయి. అవి కూడా ఇవే సైట్ల నుంచి తెచ్చి ఇస్తాయి కాబట్టి ఇక్కడ లేనిది అక్కడా ఉండదు. పేర్లు పోల్చడం మెషీన్ చేస్తుంది గనుక వేరే కంపెనీ కేసు మీ కంపెనీ ఖాతాలో పడటం, అసలుది జారిపోవడం రెండూ జరుగుతాయి.

## దివాలా పిటిషన్ల గురించి

ఎన్‌సీఎల్‌టీలో పిటిషన్ ఉందో లేదో ఎలా చూడాలి?

nclt.gov.in లో కేసు స్థితి చూసే చోట పార్టీ పేరుతో వెతికే వీలుంది. బెంచి ఎంచుకుని, పేరులో ప్రత్యేకంగా ఉన్న ఒక్క మాట కొట్టండి. మొత్తం పేరు కొట్టొద్దు. 'ప్రైవేట్ లిమిటెడ్' అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, అక్కడ తేడా వస్తే మొత్తం జారిపోతుంది. కంపెనీని ప్రతివాదిగా ఒకసారి, పిటిషనర్‌గా ఇంకోసారి చూడండి. సంవత్సరం మార్చుకుంటూ కనీసం నాలుగైదేళ్లు వెనక్కి వెళ్లండి.

దొరికిన కేసు నంబరులో `CP(IB)` అని ఉంటే అది దివాలా చట్టం కింద వేసింది. హైదరాబాద్ బెంచి నంబర్లలో `CP(IB) No. .../7/HDB/2023` అన్నట్టు మధ్యలో సెక్షన్ కూడా కనిపిస్తుంది. ఉత్త `CP` అనో `CA` అనో ఉంటే అది వాటాదారుల తగాదా, విలీనం, వాటా మూలధనం తగ్గింపు లాంటి కంపెనీ చట్టం వ్యవహారం కావచ్చు. దాన్ని చూసి దివాలా అని బెదిరిపోనక్కర్లేదు.

తర్వాత దివాలా బోర్డు ఐబీబీఐ సైటు ibbi.gov.in లో పబ్లిక్ ప్రకటనలు చూడండి. పిటిషన్‌ను ట్రిబ్యునల్ స్వీకరించాక వచ్చే ప్రకటన అక్కడ పెడతారు. స్వీకరణ కంటే ముందు దశలో ఉన్నవి అక్కడ ఉండవు, ఎన్‌సీఎల్‌టీ సైట్లో మాత్రమే ఉంటాయి.

పిటిషన్ పడిందంటే కంపెనీ దివాలా తీసినట్టేనా?

కాదు. పిటిషన్ వేయడం ఒక మెట్టు, ట్రిబ్యునల్ దాన్ని స్వీకరించడం ఇంకో మెట్టు. ఆ రెండింటి మధ్య కంపెనీ రోజువారీ వ్యాపారం మామూలుగానే నడుస్తుంది, ఫ్లాట్లు కూడా అమ్ముతుంది. నోటీసు, కౌంటరు, రిజాయిండరు, వాదనలు అంటూ ఈ దశ నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాటి సాగుతుంది. కొనేవాళ్లకు ప్రమాదమంతా ఈ మధ్యకాలంలోనే. ఎందుకంటే కంపెనీ బయటికి మామూలుగా కనిపిస్తూ కొత్త అడ్వాన్సులు తీసుకుంటూనే ఉంటుంది.

స్వీకరించిన రోజు నుంచి దివాలా పరిష్కార ప్రక్రియ, అంటే సీఐఆర్‌పీ మొదలవుతుంది. డైరెక్టర్ల అధికారం పోతుంది, ట్రిబ్యునల్ నియమించే మధ్యంతర రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి కంపెనీ వెళ్తుంది. సెక్షన్ 14 కింద మారటోరియం వస్తుంది, అంటే కంపెనీ మీద కొత్త దావాలు వేయడం, ఉన్నవి నడపడం, ఆస్తులు అమ్మడం ఆగిపోతాయి. అప్పులిచ్చినవాళ్ల కమిటీ ఒక పరిష్కార ప్రణాళికకు ఒప్పుకుంటే కంపెనీ కొత్త చేతుల్లో బతుకుతుంది, లేకపోతే ఆస్తులు అమ్మి పంచే లిక్విడేషన్.

రెండు రకాల ముగింపులూ మన దగ్గరే జరిగాయి. ఈ చట్టం కింద దేశంలో మొదట ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళిక విశాఖపట్నానికి చెందిన సినర్జీస్ దూరే ఆటోమోటివ్‌ది. 2017 ఆగస్టులో హైదరాబాద్ బెంచి ఇచ్చింది. అదే నెలలో అదే బెంచిలో సీఐఆర్‌పీకి వెళ్లిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌కు తగిన ప్రణాళిక కుదరక 2018 ఆగస్టులో లిక్విడేషన్ ఆదేశం వచ్చింది.

స్వీకరణ ఆర్డరు చూశాక దాని మీద అప్పీళ్లు వినే ఎన్‌సీఎల్‌ఏటీ సైటు కూడా చూడాలి. పాత డైరెక్టర్లు వెంటనే అప్పీలుకు వెళ్లి స్టే తెచ్చుకోవడం చాలా మామూలు.

సెక్షన్ 7, సెక్షన్ 9 అంటారు. ఏది చూసి టెన్షన్ పడాలి?

సెక్షన్ 7 అప్పు ఇచ్చినవాళ్లది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, డిబెంచర్ ట్రస్టీలు, ఫ్లాట్లు కొన్నవాళ్లు ఈ సెక్షన్ కింద వస్తారు. సెక్షన్ 9 సరుకో సేవో ఇచ్చి డబ్బు రానివాళ్లది, అంటే స్టీల్ సప్లయర్, లిఫ్టుల కంపెనీ, ఆర్కిటెక్టు. సెక్షన్ 10 కంపెనీ తనంతట తాను వేసుకునేది.

నేనైతే సెక్షన్ 7 పిటిషన్‌ను ఎక్కువ పట్టించుకుంటాను. దానికి అప్పు ఉందని, గడువుకు కట్టలేదని తేలితే చాలావరకు స్వీకరణ జరుగుతుంది. సెక్షన్ 9లో ముందే తగాదా ఉందని కంపెనీ చూపిస్తే పిటిషన్ నిలవదు. 'స్టీల్ నాసిరకంగా ఉందని డిమాండ్ నోటీసుకు ముందే మెయిల్ పెట్టాం' అని కంపెనీ నిజంగా చూపించగలిగితే అక్కడితో సరి. మొబిలాక్స్ కేసులో 2017లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అందుకే చాలామంది సప్లయర్లు సెక్షన్ 9ని బాకీ వసూలుకు ఒత్తిడిగా వాడతారు, డబ్బు రాగానే వెనక్కి తీసుకుంటారు.

అయితే ఒకే ఏడాదిలో నలుగురైదుగురు సప్లయర్లు సెక్షన్ 9 వేశారంటే వాటిని ఒక్కోదాన్నీ తగాదాగా కొట్టిపారేయడానికి లేదు. బిల్లులు కట్టడానికి కంపెనీ దగ్గర డబ్బు ఆడటం లేదని అర్థం.

ఎన్‌సీఎల్‌టీలో ఏమీ లేదు. అంటే బాకీలు లేనట్టేనా?

లేదు. 2020 మార్చి 24 నుంచి బాకీ కనీసం కోటి రూపాయలు ఉంటేనే కంపెనీ మీద దివాలా పిటిషన్ వేయొచ్చు. అంతకుముందు లక్ష చాలేది. 60 లక్షలు రావాల్సిన ఇసుక కాంట్రాక్టరు ఎన్‌సీఎల్‌టీకి వెళ్లలేడు, కమర్షియల్ కోర్టుకో చెక్ బౌన్స్ కేసుకో వెళ్తాడు. వాటిని మామూలు కోర్టు కేసుల సైటు ఈ-కోర్ట్స్‌లో చూడాలి.

కంపెనీల వ్యవహారాల శాఖ ఎంసీఏ సైట్లో కంపెనీ Active అని చూపిస్తోంది. ఇంకేం భయం?

Active అంటే కంపెనీని రిజిస్టర్ నుంచి కొట్టేయలేదని మాత్రమే. పిటిషన్ పడి ఇంకా స్వీకరించని కంపెనీ కూడా Active అనే ఉంటుంది. స్వీకరించాక స్థితి మారాలి గానీ ఆ మార్పు వెంటనే కనిపించకపోవచ్చు. ఎంసీఏలో ఆ మాట కంటే ఎక్కువ పనికొచ్చేవి రెండు: చివరి బ్యాలెన్స్ షీట్ ఏ ఏడాదిది, తాకట్ల పట్టికలో ఏముంది. బ్యాలెన్స్ షీట్ రెండేళ్లుగా దాఖలు కాకపోతే కారణం అడగాల్సిందే.

పిటిషన్ వెనక్కి తీసుకున్నారట. ఇక పర్లేదా?

ఎలా వెనక్కి పోయిందో ఆర్డరు తెరిచి చదవండి, రెండు పేజీలే ఉంటుంది. మొత్తం డబ్బు కట్టేశారు కాబట్టి వెనక్కి తీసుకున్నారంటే మంచిదే. వాయిదాల్లో కడతామని రాజీ కుదిరి, కట్టకపోతే మళ్లీ పిటిషన్ తెరుచుకునే హక్కు ఉంచుకున్నారంటే కథ ముగియలేదు. ఆ వాయిదాల ఆఖరు తేదీ ఎప్పుడో చూసుకోండి. కమిటీ ఏర్పడ్డాక వెనక్కి తీసుకోవాలంటే సెక్షన్ 12ఏ కింద 90 శాతం ఓట్లు కావాలి, కాబట్టి ఆ దశ దాటి బయటపడ్డ కంపెనీ అప్పులవాళ్లతో గట్టిగానే సర్దుబాటు చేసుకుందని అనుకోవచ్చు.

## మామూలు కోర్టులు, రెరా, బ్యాంకులు

ఈ-కోర్ట్స్‌లో పేరు కొడితే రికార్డు లేదంటోంది. కేసులు లేవనేనా?

అంత తొందరగా నమ్మొద్దు. services.ecourts.gov.in లో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకున్నాకే వెతుకుతుంది. మీరు ఎంచుకున్న సముదాయంలో లేదని మాత్రమే దాని జవాబు. సంవత్సరం తప్పనిసరిగా ఇవ్వాలి కాబట్టి ఆ ఏడాదిలో లేదని కూడా.

ఇంకో చిక్కు మన పేర్లది. కోర్టు గుమాస్తా పిటిషన్ మీద ఎలా ఉంటే అలా ఎక్కిస్తాడు. Lakshmi ఒకచోట Laxmi, ఇంకోచోట Lakshmy. Sri కాస్తా Sree, Shri. Srinivasa కాస్తా Sreenivasa. పేరు ముందు M/s ఉంటుంది, వెనక 'రిప్రజెంటెడ్ బై ఇట్స్ మేనేజింగ్ డైరెక్టర్' అని ఉంటుంది. అందుకని తేడా పడే అక్షరాలు వదిలేసి మధ్యలో మారని ముక్క కొట్టండి. కనీసం మూడు అక్షరాలు కావాలి. Pending ఒక్కటే కాకుండా Both పెట్టండి, ఎందుకంటే తీర్పులు పడ్డ కేసులు కంపెనీ అలవాట్లు చెబుతాయి.

తెలంగాణలో 2022లో జిల్లా కోర్టులను కొత్త జిల్లాల ప్రకారం విడదీశారు. మేడ్చల్ మల్కాజిగిరి పరిధిలోని పాత కేసు మొదలైంది రంగారెడ్డిలో అయి ఉండొచ్చు. రెండు చోట్లా చూడండి. హైకోర్టుకు వేరే పేజీ ఉంది, hcservices.ecourts.gov.in.

వందల కేసులు వస్తున్నాయి. ఏవి పట్టించుకోవాలి?

పెద్ద కంపెనీకి కేసుల సంఖ్య పెద్దగానే ఉంటుంది, సంఖ్య చూసి నిర్ణయించొద్దు. ముందు మీ ప్రాజెక్టుకు తగిలేవి వేరు చేయండి. ఆ తర్వాత డబ్బు ఎగ్గొట్టారన్న కేసులు: చెక్ బౌన్స్, కమర్షియల్ దావాలు, అమలు పిటిషన్లు. అమలు పిటిషన్ అంటే తీర్పు వచ్చాక కూడా కట్టలేదని, ఇది నా లెక్కలో కొత్త దావా కంటే పెద్ద విషయం. కార్మికుల కేసులు, మునిసిపల్ పన్ను మీద వేసిన రిట్లు లాంటివి పక్కన పెట్టొచ్చు.

కేసు ఎలా ముగిసిందో కూడా చూడండి. వాది హాజరుకాక కొట్టేసిన కేసు మళ్లీ బతకొచ్చు. రాజీ అయిందంటే ముగిసినట్టు. చెక్ బౌన్స్ కేసులు డజను ఉండి అన్నీ లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాయంటే కంపెనీ కోర్టుకు లాగితేగానీ డబ్బు తీయదని తెలిసిపోతుంది.

స్థలం మీద తగాదా ఉంటే కంపెనీ పేరుతో వెతికితే దొరుకుతుందా?

చాలాసార్లు దొరకదు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద కడుతుంటే స్థలం ఇంకా యజమానుల పేరు మీదే ఉంటుంది. వాళ్ల అన్నదమ్ముల పంపకాల దావా ఇరవై ఏళ్లుగా నడుస్తూ ఉంటుంది, అందులో కంపెనీ పేరే ఉండదు. ఈ-కోర్ట్స్‌లో సర్వే నంబరుతో వెతికే వీలు లేదు. కాబట్టి అగ్రిమెంట్‌లో ఉన్న యజమానులు, వాళ్లకు అమ్మినవాళ్ల పేర్లు తీసుకుని ఆ జిల్లా కోర్టులో విడివిడిగా వెతకాలి. ఇక్కడ మాత్రం ఊళ్లో ప్రాక్టీసు చేసే లాయరుకు ఇచ్చే ఫీజు వృథా కాదు.

చెరువు పరిధి, బఫర్ జోన్, అనుమతుల మీద తగాదాలు హైకోర్టులో రిట్లుగా ఉంటాయి. వాటి పేరు 'ఫలానావారు వర్సెస్ స్టేట్ ఆఫ్ తెలంగాణ' అని ఉంటుంది. కంపెనీ ఆరో ఏడో ప్రతివాదిగా కింద ఎక్కడో ఉంటుంది. కేసు తెరిచి పార్టీల జాబితా మొత్తం చదివితేనే తెలుస్తుంది.

రెరా సైట్లో కేసుల వివరాలు ఉంటాయి కదా?

ఉంటాయి, కానీ ప్రమోటర్ స్వయంగా ఇచ్చినవి. గత 5 ఏళ్లలో చేపట్టిన ప్రాజెక్టులు, వాటి ఆలస్యం, పెండింగ్ కేసులు రిజిస్ట్రేషన్ సమయంలో చెప్పాలని చట్టం చెబుతుంది. అక్కడ కేసులు లేవని రాసి ఈ-కోర్ట్స్‌లో అంతకుముందే పడ్డ కేసు కనిపించిందంటే మీకు మంచి ఆధారం దొరికినట్టే. రెరా ఇచ్చిన ఆర్డర్లు కూడా సైట్లో ఉంటాయి, ప్రమోటర్ పేరుతో చూడండి. వినియోగదారుల కమిషన్ కేసులు e-jagriti.gov.in లో చూడాలి. కట్టిన మొత్తం 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్.

బ్యాంకుకు అప్పు కట్టడం లేదేమోనని అనుమానం. ఎక్కడ తెలుస్తుంది?

ఎంసీఏలో తాకట్ల పట్టికతో మొదలుపెట్టండి. ఏ బ్యాంకుకు, ఎంత మొత్తానికి, ఎప్పుడు తాకట్టు పెట్టారు, తీరిందా లేదా అన్నది అందులో ఉంటుంది. తాకట్టు ఉండటం తప్పేమీ కాదు, అప్పు లేకుండా కట్టే బిల్డర్లు తక్కువ. రేపు సెక్షన్ 7 వేసే అవకాశం ఎవరికుందో ఈ పట్టిక ముందే చెబుతుంది. బ్యాంకు స్థానంలో ఈ మధ్యే మొండిబాకీలు కొనే ఆస్తి పునర్నిర్మాణ సంస్థ పేరు వచ్చిందంటే ఆ బ్యాంకు అప్పును అమ్మేసుకుందని, అంటే అప్పు అప్పటికే మొండిబాకీ అయి ఉంటుందని అర్థం.

తర్వాత బ్యాంకు అప్పుల వసూలు ట్రిబ్యునల్ డీఆర్‌టీ సైటు, drt.gov.in. బ్యాంకు వేసే వసూలు దరఖాస్తును ఓఏ అంటారు, అది 20 లక్షలు, ఆపై బాకీలకు. కంపెనీని ప్రతివాదిగా వెతికితే అవి వస్తాయి. కంపెనీని దరఖాస్తుదారుగా కూడా వెతకండి. సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఆస్తి స్వాధీనానికి వచ్చినప్పుడు దాన్ని ఆపమని కంపెనీయే డీఆర్‌టీకి వెళ్తుంది. దాన్ని ఎస్ఏ అంటారు, అందులో కంపెనీ పేరు ముందుంటుంది. ఇలా వెతకనివాళ్లకు ఈ ఒక్క కేసు కనబడదు, అసలు భయపెట్టాల్సింది ఇదే.

సర్ఫేసీ నోటీసులకు కోర్టు అవసరం లేదు. 60 రోజుల గడువు నోటీసు కొన్నిసార్లు, ఆ తర్వాత స్వాధీన ప్రకటన పేపర్లో వస్తాయి. ఏ కోర్టు సైట్లోనూ ఉండవు.

ఆర్బిట్రేషన్‌లో ఉన్న తగాదాలు?

కనిపించవు, అవి ప్రైవేటుగా నడుస్తాయి. ఆర్బిట్రేటర్‌ను నియమించమని, మధ్యంతర ఆదేశం ఇవ్వమని, అవార్డు కొట్టేయమని కోర్టుకొచ్చినప్పుడే బయటపడతాయి. బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో రేపు కట్టాల్సి రావొచ్చనే బాధ్యతల కింద, అంటే కంటింజెంట్ లయబిలిటీల కింద కొన్నిసార్లు దొరుకుతాయి. ఎంసీఏలో 100 రూపాయలు కట్టి ఆ పత్రాలు చూడొచ్చు.

## ఒక ఉదాహరణ

ఇవన్నీ కలిపి ఎలా చూడాలో ఒక కేసు చెప్పండి.

మచ్చుకు ఒకటి కల్పించి చెబుతాను. కొల్లూరులో 85 లక్షల ఫ్లాట్, 10 శాతం అడ్వాన్స్ అడిగారు. రెరాలో చూస్తే ప్రమోటర్ బ్రాండ్ పేరుతో లేదు, వేరే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. దాని సీఐఎన్‌లో KA ఉంది, అంటే రిజిస్టర్డ్ ఆఫీసు కర్ణాటకలో. తాకట్ల పట్టికలో ఒక ఫైనాన్స్ కంపెనీకి 40 కోట్ల తాకట్టు, ఇంకా తీరలేదు.

ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్‌లో ఏమీ లేదు. బెంగళూరు బెంచిలో రెండున్నాయి. మొదటిది రెండేళ్ల కిందటి సెక్షన్ 9, స్టీల్ సప్లయర్‌ది, కోటీ 30 లక్షలు. మొత్తం అందిందని రాసి వెనక్కి తీసుకున్నారు. రెండోది అదే ఫైనాన్స్ కంపెనీ వేసిన సెక్షన్ 7, ఇంకా స్వీకరణ కాలేదు. ఆర్డర్లు తేదీల వరుసలో చదివితే కంపెనీ లాయరు మూడుసార్లు రాజీ మాటలు నడుస్తున్నాయని గడువు అడిగాడు, నాలుగోసారి ట్రిబ్యునల్ ఇదే ఆఖరు అవకాశం అంది. సంగారెడ్డి కోర్టులో కంపెనీ పేరు మీద ఏమీ లేదు, స్థలం యజమాని పేరు మీద పంపకాల దావా ఒకటి ఉంది, అది వేరే సర్వే నంబరుది.

ఇక్కడ స్టీల్ కేసు, పంపకాల దావా రెండూ పక్కన పెట్టేయొచ్చు. తేలాల్సింది ఒక్కటే, ఆ సెక్షన్ 7. ఆఖరు అవకాశం అన్నాక వచ్చే వాయిదాకి స్వీకరణ జరిగితే అప్పటికి కట్టిన ఎనిమిదిన్నర లక్షలు క్లెయిముగా మారిపోతాయి. కాబట్టి ఫైనాన్స్ కంపెనీతో రాజీ కుదిరి పిటిషన్ వెనక్కి పోయిన ఆర్డరు చూపించేదాకా డబ్బు కట్టకపోవడం సరైన పని. ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకు ఈ ప్రాజెక్టును ఆమోదించింది అన్న మాట ఇక్కడ జవాబు కాదు, ఆ ఆమోదం పిటిషన్ పడకముందుది కావచ్చు.

## డబ్బు కట్టేశాక

ఇప్పటికే 20 లక్షలు కట్టాను. కంపెనీ సీఐఆర్‌పీలోకి వెళ్లిందని ఇప్పుడే తెలిసింది. ఏం చేయాలి?

క్లెయిము వేయాలి. ఫ్లాట్లు కొన్నవాళ్లను 2018 నుంచి చట్టం ఆర్థిక రుణదాతలుగా చూస్తోంది. మీ ఫారం పేరు ఫారం సీఏ. ఐబీబీఐ సైట్లోని పబ్లిక్ ప్రకటనలో రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఈమెయిలు, ఆఖరు తేదీ ఉంటాయి. అగ్రిమెంట్, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి పంపండి. ప్రకటనలో తేదీ దాటిపోయినా ప్రక్రియ మొదలైన రోజు నుంచి 90 రోజుల దాకా, లేదా పరిష్కార ప్రణాళికలు ఇవ్వమని పిలిచే రోజు దాకా, ఏది తర్వాతైతే అప్పటిదాకా వేసే వీలుంది. 90 రోజులు దాటితే ఆలస్యమెందుకో కారణం రాయాలి. పాత డైరెక్టరు ఫోన్‌లో 'మేం చూసుకుంటాం' అంటే నమ్మి ఆగొద్దు, ఆయన చేతిలో ఇప్పుడు ఏమీ లేదు.

రెరాలో డబ్బు వాపసు ఆర్డరు వచ్చింది. మారటోరియం వస్తే అది పనికిరాదా?

కంపెనీ మీద దాన్ని అమలు చేయించడం ఆగిపోతుంది. కానీ ఆర్డరు ఉన్నంత మాత్రాన మీ హోదా తగ్గదు. రెరా డిక్రీ ఉన్న కొనుగోలుదారులను మిగతావాళ్ల కంటే తక్కువగా చూడకూడదని 2023లో విశాల్ చెలాని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్డరు కాపీ జతచేసి ఫారం సీఏలోనే క్లెయిము వేయండి.

కంపెనీ చెక్ బౌన్స్ అయింది. మారటోరియంలో ఆ కేసూ ఆగుతుందా?

కంపెనీ మీద ఆగుతుంది. చెక్ మీద సంతకం పెట్టిన డైరెక్టరు మీద ఆగదు. 2021లో పి. మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా తేల్చింది.

మేమే కలిసి దివాలా పిటిషన్ వేయొచ్చా?

వేయొచ్చు. అదే ప్రాజెక్టులో కొన్నవాళ్లు 100 మంది లేదా మొత్తం కొన్నవాళ్లలో 10 శాతం, ఏది తక్కువైతే అంతమంది కలవాలి. 2020 సవరణ తర్వాత ఒక్కరే వేసే వీలు లేదు. ఫ్లాటే కావాలనుకునేవాళ్లు మాత్రం దీన్ని ఆఖరున పెట్టుకోవడం మేలు. ప్రణాళిక కుదరక లిక్విడేషన్‌కు వెళ్తే ఫ్లాట్ రావడం కష్టం.

ఒకసారి చూశాక మళ్లీ చూడాలా?

డబ్బు వాయిదాల్లో కడుతున్నారు కాబట్టి ప్రతి పెద్ద వాయిదాకు ముందు చూడండి. అగ్రిమెంట్ రోజు ఉదయం ఒకసారి, సేల్ డీడ్ రిజిస్ట్రేషన్‌కు ముందు ఒకసారి తప్పనిసరి. రెండోసారి నుంచి ఎక్కువ పని ఉండదు. బెంచి, కోర్టు సముదాయం, కొట్టిన పేరు ముక్క, వచ్చిన కేసు నంబర్లు మొదటిసారి ఒక కాగితం మీద రాసుకుంటే అరగంటలో అయిపోతుంది. వెతికిన తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు కూడా దాచుకోండి. కేసు దాచి అమ్మారని రేపు రెరాలో ఫిర్యాదు చేయాల్సి వస్తే, మీరు కొన్న రోజుకు ఏ కేసు ఏ స్థితిలో ఉందో వాటితో చూపించొచ్చు.